న్యూట్రల్‌లో వదిలేస్తే పెట్రోల్ మిగులుతుందా? యూకే డ్రైవింగ్ టెస్టులో చూసే "ఎకో-సేఫ్" అసలేంటి

మన దగ్గర పదేళ్లు కారు నడిపి యూకే వెళ్లిన వాళ్లని టెస్ట్ గురించి అడగండి, రౌండ్అబౌట్లు, మిర్రర్లు గురించి చాలా చెప్తారు, తర్వాత "అక్కడేదో ఎకో అని కూడా రాశాడు, అదేంటో అర్థం కాలేదు" అంటారు. ఇండియన్ లైసెన్స్‌తో అక్కడ నడపడానికి 12 నెలలే టైమ్ ఉంటుంది, ఆ తర్వాత అక్కడి టెస్ట్ పాస్ అవ్వాల్సిందే. దాంతో ఎక్స్‌పీరియన్స్ ఉన్నవాళ్లు కూడా మళ్లీ లెర్నర్ బోర్డు పెట్టుకుని ఇన్‌స్ట్రక్టర్ పక్కన కూర్చుంటారు. అక్కడే మొదటి షాక్ తగులుతుంది. రెడ్ లైట్ దూరంగా కనపడగానే మనం అలవాటుగా గేరు తీసేసి న్యూట్రల్‌లో వదిలేస్తాం కదా, ఇన్‌స్ట్రక్టర్ వెంటనే "గేర్‌లోనే ఉంచు" అంటాడు. మనమేమో పెట్రోల్ మిగిలిద్దామని చేశాం, అతనేమో అది తప్పంటున్నాడు. ఎవరు కరెక్ట్?

ఈ ఒక్క ప్రశ్నకి సరిగ్గా సమాధానం తెలిస్తే మిగతా ఎకో డ్రైవింగ్ సగం అర్థమైపోతుంది, అందుకే దీని మీదే కొంచెం ఎక్కువసేపు ఉంటాను.

ఎగ్జామినర్ నిజంగా ఏం చూస్తాడు

బ్రిటన్‌లో ప్రాక్టికల్ టెస్ట్ సుమారు 40 నిమిషాలు ఉంటుంది. చిన్న తప్పులు 15 దాకా చేసినా పాసే, ఒక్క సీరియస్ తప్పు పడితే ఫెయిల్. ఈ టెస్టులోకి 2008లో "ఎకో-సేఫ్ డ్రైవింగ్" అనే అంశం చేర్చారు. ఎగ్జామినర్ మార్కింగ్ షీట్‌లో దీనికి రెండే గడులు, ఒకటి కంట్రోల్, రెండోది ప్లానింగ్. కంట్రోల్ అంటే యాక్సిలరేటర్, గేర్లు, బ్రేకు ఎంత మృదువుగా, ఎంత సరైన టైమ్‌లో వాడుతున్నావు అని. ప్లానింగ్ అంటే ముందు రోడ్డు మీద ఏం జరగబోతోందో ముందే పసిగట్టి దానికి తగ్గట్టు నడుపుతున్నావా అని.

ఇక్కడ చాలామంది తికమక పడే విషయం ఒకటుంది. ఈ గడుల్లో టిక్ పడితే ఫెయిల్ అవ్వరు. రిజల్ట్ మీద దీని ప్రభావం ఉండదు, టెస్ట్ అయ్యాక ఫీడ్‌బ్యాక్‌గా చెప్తారు, అంతే. అయితే పట్టించుకోనక్కర్లేదా అంటే అలా కాదు, ఎందుకంటే ఎకో పేరుతో చూసే అలవాట్లే వేరే హెడింగ్‌ల కింద తప్పులుగా కూడా పడతాయి. న్యూట్రల్‌లో దొర్లిస్తే అది కారు మీద కంట్రోల్‌కి సంబంధించిన తప్పు. ముందు చూడకుండా చివర్లో సడన్ బ్రేక్ వేస్తే అది ఎకో గడిలో కాకుండా, ముందుచూపు లేని డ్రైవింగ్‌గా వేరే గడిలో తప్పు. అలాగని పెట్రోల్ మిగిల్చాలని 30 మైళ్ల రోడ్డు మీద 18లో పాకినా తప్పే, ఎందుకంటే రోడ్డుకి తగ్గ స్పీడులో ముందుకెళ్లడం కూడా టెస్టులో భాగం. అంటే ఎకో గడికి మార్కుల బరువు లేకపోయినా దాని పక్క గడులకి ఉంది.

థియరీ టెస్టులో కూడా ఈ టాపిక్ వస్తుంది. 50 ప్రశ్నల్లో 43 రైట్ అవ్వాలి కదా, అందులో టైర్లలో గాలి తగ్గితే ఏమవుతుంది, పైన రూఫ్ ర్యాక్ ఖాళీగా ఉంచితే ఏమవుతుంది లాంటివి అడుగుతారు. రెండిటికీ సమాధానం ఇంధనం ఎక్కువ ఖర్చవుతుందనే.

న్యూట్రల్ నమ్మకం ఎక్కడ నుంచి వచ్చింది

మన నాన్నల తరం చెప్పింది అబద్ధం కాదు, ముందు ఆ మాట ఒప్పుకోవాలి. అప్పటి అంబాసిడర్లు, పాత మారుతి 800లు కార్బురేటర్ బళ్లు. కార్బురేటర్‌లో ఇంజిన్ గాలి పీల్చుకుంటుంటే ఆ పీల్చుడుకే పెట్రోల్ కూడా వస్తుంది. గేర్‌లో ఉంచి కాలు తీసేస్తే చక్రాలు ఇంజిన్‌ని తిప్పుతూనే ఉంటాయి, ఇంజిన్ 2000 ఆర్‌పీఎమ్‌లో తిరుగుతూ పీలుస్తూనే ఉంటుంది, పెట్రోల్ కొంచెం పోతూనే ఉంటుంది. న్యూట్రల్ చేస్తే ఇంజిన్ 800కి దిగిపోతుంది కాబట్టి ఖర్చు తగ్గేది. ఆ బళ్లకి అది చాలావరకు నిజమే.

ఇప్పటి బళ్లలో కార్బురేటర్ లేదు, ఇంజెక్టర్లు ఉన్నాయి, వాటిని కంప్యూటర్ నడుపుతుంది. గేర్‌లో ఉండి, క్లచ్ మీద కాలు లేకుండా, యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేశావనుకో, కంప్యూటర్‌కి విషయం అర్థమవుతుంది: చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతున్నాయి, పెట్రోల్ ఇచ్చే పని లేదు. ఇంజెక్టర్లని మొత్తం ఆపేస్తుంది. తక్కువ ఖర్చు కాదు, సున్నా ఖర్చు. ఆర్‌పీఎమ్ దిగుతూ దిగుతూ సుమారు 1200 దగ్గరికి వచ్చాక (బండిని బట్టి ఇది మారుతుంది) ఇంజిన్ ఆగిపోకుండా మళ్లీ పెట్రోల్ మొదలవుతుంది. అదే న్యూట్రల్ చేస్తే? చక్రాలకి ఇంజిన్‌కి లింకు తెగిపోయింది, ఇంజిన్ తన కాళ్ల మీద తను తిరగాలి, దానికి పెట్రోల్ కావాలి. అంటే పెట్రోల్ మిగులుతుందనుకుని మనమే దాన్ని మళ్లీ ఆన్ చేస్తున్నాం.

నమ్మకం కుదరకపోతే మీ కారు డిస్‌ప్లేలో అప్పటికప్పుడు మైలేజీ చూపించే ఆప్షన్ ఉంటే అది పెట్టి చూడండి, పక్కనున్నవాళ్లని చూడమంటే ఇంకా మంచిది. ఖాళీ రోడ్డు మీద గంటకి 50 కిలోమీటర్ల స్పీడులో వెళ్తూ నాలుగో గేర్‌లోనే ఉంచి కాలు తీసేస్తే చాలా కార్లలో ఆ అంకె చివరిదాకా ఎగిరి 99.9 దగ్గర నిలబడుతుంది, అంటే చూపించే స్థలం అయిపోయిందని అర్థం. ఇక న్యూట్రల్ సంగతికి ప్రయోగం అక్కర్లేదు, లెక్క వేస్తే చాలు. ఒక చిన్న పెట్రోల్ కారు ఇంజిన్ ఊరికే ఆన్‌లో ఉంటే గంటకి సుమారు 0.8 లీటర్ తాగుతుంది అనుకుందాం, 50 స్పీడులో న్యూట్రల్‌లో దొర్లితే అది లీటరుకి 62 కిలోమీటర్లు అవుతుంది. 62 కూడా గొప్పగానే కనపడుతుంది, కానీ పక్కన సున్నా ఖర్చు ఉంది.

ఒక రెడ్ లైట్, మూడు రకాల డ్రైవర్లు

దీన్నే ఒక సిగ్నల్ దగ్గర పెట్టి చూద్దాం. 50లో వెళ్తున్నాం, 200 మీటర్ల దూరంలో లైట్ ఎర్రగా ఉంది. అంకెలన్నీ సుమారువే, బండిని బట్టి అటూ ఇటూ అవుతాయి.

మొదటి డ్రైవర్ పట్టించుకోకుండా యాక్సిలరేటర్ మీద కాలు అలాగే ఉంచి, 80 మీటర్లు ఉన్నప్పుడు బ్రేక్ వేస్తాడు. మధ్యలో 120 మీటర్లు అనవసరంగా పెట్రోల్ కాల్చాడు. ఆ స్పీడులో లీటరుకి 20 కిలోమీటర్లు ఇచ్చే బండైతే అది 6 మిల్లీలీటర్లు. రెండో డ్రైవర్ వెంటనే న్యూట్రల్ చేశాడు. ఆగేదాకా 20 సెకన్లు పట్టింది, ఆ 20 సెకన్లూ ఇంజిన్ తన కోసం తను తాగింది నాలుగున్నర మిల్లీలీటర్లు. పైగా ఇంజిన్ పట్టు లేదు కాబట్టి చివర్లో బ్రేకు మొదటి డ్రైవర్‌లాగే వేయాల్సి వచ్చింది. మూడో డ్రైవర్ నాలుగో గేర్‌లోనే ఉంచి కాలు తీశాడు, బండి తనంతట తను నెమ్మదిస్తోంది, 30 దాకా దిగేసరికి పెట్రోల్ మళ్లీ మొదలైంది, కొంచెం బ్రేకు, ఆగే ముందు క్లచ్. ఖర్చు సుమారు ఒక మిల్లీలీటర్.

ఇంకో చిన్న విషయం, ఇలా దిగేటప్పుడు నాలుగు నుంచి మూడు, మూడు నుంచి రెండు అని వరసగా గేర్లు దించక్కర్లేదు. మనకి నేర్పించినప్పుడు అలా నేర్పారు. అక్కడి ఇన్‌స్ట్రక్టర్లు ఇప్పుడు "ఆగడానికి బ్రేకు, వెళ్లడానికి గేరు" అంటారు. నాలుగులో ఉండి నెమ్మదించి, లైట్ పచ్చగా మారితే అప్పటి స్పీడుకి తగ్గట్టు నేరుగా రెండు వేసుకుని వెళ్లిపోవచ్చు, టెస్టులో అది తప్పు కాదు.

అయితే న్యూట్రల్ వాదనకి ఒక చోట బలం ఉంది, దాన్నీ చెప్పాలి. గేర్‌లో కాలు తీసేస్తే ఇంజిన్ బండిని వెనక్కి పట్టుకుంటుంది, స్పీడు త్వరగా పడిపోతుంది. ముందు ఆగాల్సిన పని లేనప్పుడు, స్పీడు పోగొట్టుకోకుండా సాధ్యమైనంత దూరం దొర్లాలి అనుకుంటే, న్యూట్రల్‌లో బండి చాలా ఎక్కువ దూరం వెళ్తుంది, మొత్తం లెక్కలో అది కొంచెం లాభం కూడా కావచ్చు. కొన్ని కంపెనీల ఆటోమేటిక్ కార్లు తమంతట తామే ఈ పని చేస్తాయి. కాబట్టి ఫిజిక్స్ పరంగా సమాధానం ఇది: స్పీడు తగ్గించుకోవాలంటే గేరే మేలు, స్పీడు కాపాడుకోవాలంటే న్యూట్రల్‌కి కొంత వాదన ఉంది.

మరి టెస్టులో ఎందుకు వద్దంటారంటే అది పెట్రోల్ గురించి కాదు. బ్రిటన్ హైవే కోడ్‌లో 122వ రూల్ ఇదే చెప్తుంది: న్యూట్రల్‌లో గానీ క్లచ్ నొక్కి గానీ దొర్లిస్తే ఇంజిన్ బ్రేకింగ్ ఉండదు, దిగుడులో స్పీడు త్వరగా పెరిగిపోతుంది, బ్రేకు ఎక్కువ వాడి వాడి దాని పట్టు తగ్గిపోవచ్చు, మలుపుల్లో స్టీరింగ్ స్పందన మీద కూడా ప్రభావం ఉంటుంది, అవసరమైనప్పుడు గేరు దొరకడం కష్టం. తిరుమల నుంచి కిందకి దిగేవాళ్లకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు, ఆ మలుపుల్లో బండి న్యూట్రల్‌లో వదిలి బ్రేకు మీదే ఆధారపడితే కిందికొచ్చేసరికి బ్రేకుల కాలిన వాసన వస్తుంది. ఇంజెక్షన్ బండిలో ఘాట్ రోడ్డు చిన్న గేర్‌లో దిగితే భద్రతకి భద్రత, పెట్రోల్‌కి పెట్రోల్ రెండూ ఒకే వైపు ఉంటాయి, నాకు ఈ టాపిక్‌లో బాగా నచ్చే సంగతి ఇదే.

స్మూత్ అంటే స్లో కాదు

రెండో పెద్ద అపార్థం ఇక్కడుంది. "మెల్లగా పికప్ తీసుకో" అన్నారు కదా అని చాలామంది పెడల్‌ని ఈకలా తాకుతూ, రెండో గేర్‌లోనే అరకిలోమీటర్ లాగుతారు. పెట్రోల్ ఇంజిన్‌కి అది నచ్చదు. పెడల్ కొంచెమే నొక్కితే గాలి దారి దాదాపు మూసుకుని ఉంటుంది, ఇంజిన్ ఆ సన్నటి సందులోంచి గాలి లాక్కోవడానికే కొంత శక్తి ఖర్చు చేస్తుంది. స్ట్రాతో చిక్కటి లస్సీ తాగినట్టన్నమాట. పైగా ఆర్‌పీఎమ్ ఎక్కువ ఉంటే లోపలి రాపిడి ఎక్కువ. అందుకే ఇంజిన్ పొదుపుగా పనిచేసేది తక్కువ ఆర్‌పీఎమ్‌లో, పెడల్ మీద ఓ మాదిరి బరువు ఉన్నప్పుడు.

అంటే ఆచరణలో, ఫస్ట్ గేరు బండి కదలడానికే, కదిలిన వెంటనే రెండు, పెడల్ ఒకేలా ఓ మోస్తరుగా నొక్కి ఉంచి, పెట్రోల్ బండైతే 2000-2500 ఆర్‌పీఎమ్ మధ్య, డీజిల్ అయితే 2000 లోపే పై గేరు వేసుకోవడం. నెదర్లాండ్స్‌లో కూడా ఎకో డ్రైవింగ్ గురించి ఇదే 2000-2500 అంకె నేర్పుతారు. చాలా చిన్న కార్లలో ఇలా చేస్తే 50 వచ్చేసరికి నాలుగో గేర్‌లో ఉంటాం. అనుకున్న స్పీడు వచ్చాక పెడల్ తగ్గించి నిలకడగా వెళ్లడం. స్మూత్ అనే మాటకి అసలు అర్థం పెడల్ ఊపకుండా ఉండటం, నొక్కి వదిలి నొక్కి వదిలి చేయకపోవడం.

దీనికి అవతలి అంచు కూడా ఉంది. పై గేరు మంచిదన్నారు కదా అని 30లో ఐదు వేస్తే ఇంజిన్ గుర్రుమని మూలుగుతుంది, స్టీరింగ్‌లో వణుకు తెలుస్తుంది, పెడల్ నొక్కితే బండి ముందుకి రాదు. అప్పుడు ఒక గేరు దించాలి, ఆ స్థితిలో ఇంకా నొక్కితే ఇంధనమూ వృథా, ఇంజిన్‌కీ దెబ్బ, ముఖ్యంగా చిన్న టర్బో పెట్రోల్ ఇంజిన్లకి. టెస్టులో ఇది కూడా గేరు తప్పుగా పడొచ్చు. ఎక్కుడు రోడ్డులో డాష్‌బోర్డ్ బాణం పై గేరు వేయమని చూపించినా చెవినే నమ్మడం మంచిదని నా అభిప్రాయం, ముందు రోడ్డు ఎంత ఎక్కుడుందో ఆ బాణానికి కనపడదు.

ఒక స్టాప్ ఖరీదు ఎంత

ప్లానింగ్ గడికి ఎందుకంత ప్రాముఖ్యం అనేది అంకెల్లో చూస్తే బాగా తెలుస్తుంది. 1200 కిలోల కారు 50లో వెళ్తుంటే దానిలో ఉన్న గతిశక్తి సుమారు 1,16,000 జౌళ్లు. లీటర్ పెట్రోల్‌లో సుమారు 3.2 కోట్ల జౌళ్లుంటాయి కానీ సిటీ డ్రైవింగ్‌లో చక్రాల దాకా చేరేది పావు వంతు అనుకుందాం. అప్పుడు ఆ కారుని సున్నా నుంచి 50కి తేవడానికే సుమారు 14 మిల్లీలీటర్లు పడుతుంది. ఆగిన ప్రతిసారీ బ్రేకుల్లో ఆ 14 మిల్లీలీటర్లు వేడిగా మారి పోతాయి.

ఇప్పుడు పక్కన ఇంకో అంకె పెట్టండి. గంటకి 0.8 లీటర్ చొప్పున ఒక నిమిషం ఇంజిన్ ఊరికే ఆన్‌లో ఉంటే 13 మిల్లీలీటర్లు. అంటే తప్పించుకోగలిగిన ఒక్క స్టాప్, ఒక నిమిషం ఐడ్లింగ్‌తో దాదాపు సమానం! మనం ఐడ్లింగ్ గురించి ఎక్కువ మాట్లాడుకుంటాం, స్టాప్‌ల గురించి అసలు మాట్లాడుకోం.

పూర్తిగా ఆగకుండా 30కి తగ్గి మళ్లీ 50కి వెళ్తే 14లో మూడో వంతు పైగా, అంటే సుమారు 5 మిల్లీలీటర్ల శక్తి బండిలోనే మిగిలి ఉంటుంది. రౌండ్అబౌట్ దగ్గర ముందే చూసి స్పీడు తగ్గించుకుని, ఖాళీ దొరకగానే దొర్లుతూ దూరిపోవడానికి ఇన్‌స్ట్రక్టర్లు అంత పట్టుపట్టేది ఇందుకే. ముందు కారుకి రెండు సెకన్ల గ్యాప్ ఉంచడం కూడా పొదుపు కిందకే వస్తుంది, గ్యాప్ ఉంటే ముందువాడు బ్రేకు తాకిన ప్రతిసారీ మనం తాకక్కర్లేదు.

ఇంజిన్ ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు వద్దు

హైవే కోడ్‌లో 122 పక్కనే 123వ రూల్ ఉంది. రెండు నిమిషాలకి మించి ఆగి ఉండేలా ఉంటే హ్యాండ్‌బ్రేక్ వేసి ఇంజిన్ ఆపమంటుంది, రోడ్డు మీద అనవసరంగా ఆన్‌లో ఉంచడం చట్టప్రకారం తప్పు. ఇంగ్లండ్‌లో ఆపమని అడిగినా ఆపకపోతే లోకల్ కౌన్సిల్ 20 పౌండ్ల ఫైన్ వేయొచ్చు. అక్కడికి కొత్తగా వెళ్లినవాళ్లు చలికాలం పొద్దున్నే ఇంజిన్ ఆన్ చేసి, అద్దం మీద మంచు కరిగేదాకా లోపలికెళ్లి టీ తాగొస్తారు, ఆ అలవాటు ఇందులోకే వస్తుంది. ఇప్పటి ఇంజిన్‌కి నిలబడి వేడెక్కడం అవసరం లేదు, స్టార్ట్ చేసి మొదటి రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా నడిపితే ఇంకా త్వరగా వేడెక్కుతుంది. అద్దం మాత్రం గీకి శుభ్రం చేసుకోవాలి.

"మళ్లీ స్టార్ట్ చేస్తే ఎక్కువ తాగుతుంది" అనే మాట కూడా కార్బురేటర్ కాలానిదే. వేడెక్కిన ఇంజెక్షన్ ఇంజిన్‌కి స్టార్ట్ ఖర్చు కొన్ని సెకన్ల ఐడ్లింగ్‌కి సమానం, అంతే. హైదరాబాద్‌లో రోజూ 90 సెకన్ల సిగ్నళ్లు పోను మూడు, రాను మూడు అనుకోండి, అది 9 నిమిషాలు, 120 మిల్లీలీటర్లు. నెలకి 25 రోజులు తిరిగితే 3 లీటర్లు, లీటరు 100 అనుకుంటే 300 రూపాయలు. ఏసీ ఆన్‌లో ఉంటే ఇంకా ఎక్కువ, కాకపోతే మే నెలలో ఏసీ ఆపమని నేను ఎవరికీ చెప్పను.

ఆపకూడని చోట్లు కూడా ఉన్నాయి. పది సెకన్లలో పచ్చ లైట్ పడేలా ఉంటే వద్దు, బ్యాటరీ వీక్‌గా ఉంటే వద్దు. బండి కదులుతుండగా ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు, దిగుడులో ఇంజిన్ ఆపేస్తే బ్రేకు, స్టీరింగ్ రెండిటికీ పవర్ సాయం పోతుంది, తాళం తీసేస్తే స్టీరింగే లాక్ కావచ్చు.

మార్కులు వేయాలా వద్దా

ఎకోకి కూడా ఫెయిల్ చేసే అధికారం ఉండాలి అనేవాళ్ల వాదన సూటిగా ఉంటుంది: మార్కు లేనిది ఎవరూ నేర్చుకోరు. యూరోపియన్ యూనియన్ 2006 లైసెన్స్ డైరెక్టివ్‌లో కూడా పొదుపుగా, పర్యావరణానికి మేలైన పద్ధతిలో నడపడం గురించి రాశారు. వద్దనేవాళ్ల మాటలోనూ పస ఉంది. 2600 ఆర్‌పీఎమ్ దగ్గర గేరు మార్చినవాడు ఎవరికీ ప్రమాదం కాదు, కానీ మార్కు కోసం ఆర్‌పీఎమ్ చూస్తూ రోడ్డు చూడనివాడు ప్రమాదమే. ఆటోమేటిక్‌లో టెస్ట్ ఇచ్చేవాళ్లకి గేరు ప్రశ్నే ఉండదు, వాళ్లనీ వీళ్లనీ ఒకే కొలతతో ఎలా కొలుస్తారు అని ఇంకో ప్రశ్న. ట్రైనింగ్ అయిన కొత్తలో కనిపించే పొదుపు నెలలు గడిచేకొద్దీ తగ్గిపోతుందనేది కూడా తెలిసిన సమస్యే, ఒక్క రోజు టెస్టు అలవాటుని ఎంతవరకు నిలబెడుతుందో చెప్పడం కష్టం. నాకైతే ప్లానింగ్‌ని ఇప్పటిలా భద్రత తప్పుల్లో గట్టిగా మార్క్ చేస్తూ, ఎకోని ఫీడ్‌బ్యాక్‌గా ఉంచడమే సబబు అనిపిస్తుంది.

మన దగ్గర అక్రెడిటెడ్ డ్రైవర్ ట్రైనింగ్ సెంటర్ల కోసం కేంద్రం 2021లో తెచ్చిన రూల్స్‌లో కారు కోర్సు 29 గంటలు, అందులో థియరీ 8 గంటలు. ఆ థియరీలో ఇంధన పొదుపు డ్రైవింగ్ కూడా ఒక అంశం. అది క్లాసులో ఒక పాఠం. ఇంజెక్టర్ ఆగిపోవడం మాత్రం పక్కన ఎవరో కూర్చుని "ఇప్పుడు కాలు తియ్యి, గేరు ముట్టుకోకు, అంకె చూడు" అంటేనే బుర్రకెక్కుతుంది. ఎలక్ట్రిక్ కారులో అయితే అదే కాలు తీసిన క్షణంలో మీటర్ ముల్లు అటువైపుకి వాలి, బ్యాటరీలోకి కరెంటు తిరిగి వెళ్తున్నట్టు చూపిస్తుంది.